గుడ్డ లాగినట్టు

మరిడమ్మత్తకి చదువు రాదు. ఉత్తరం పక్కింట్లో ఉండే నేనే చదివాను. మనవడు గణేష్‌బాబు పంపించాడు. సరుకు ఓడ మీద పనిచేస్తాడు. అతనితోపాటు అదే ఓడలో ఉండి, సెలవు మీద దిగిన యానాం కుర్రాడొకడు కొత్త ఫోనూ ఈ కాగితమూ తెచ్చి ఇచ్చి వెళ్ళాడు.

అత్త కుండ ముందు కూర్చునే వింది. మంట మీద బోర్లించిన కుండ. పిండినీళ్ళలో ముంచిన గుడ్డని దాని మీద పరిచి తనవైపు లాగుతుంది. కుండకి పల్చటి పొర అంటుకుంటుంది. అదే పూతరేకు. చదువుతున్నంతసేపూ చెయ్యి ఆగలేదు.

"మామ్మా, చెయ్యి బాగైపోయింది. తాడులో పడి నలిగిందని నాన్న చెప్పుంటాడు, అదేం పెద్దది కాదు. శనివారం సాయంత్రం మా ఓడ రేవు దగ్గర ఆగుతుంది. ఒడ్డు సిగ్నలు అందుతుంది. వీడియో కాల్ చేస్తాను. రాత్రికే మళ్ళీ బయల్దేరతాం. తర్వాత చాలా రోజులు సముద్రమే.

ఫోను నల్లగా ఉంటే అలాగే ఉండనీ, ముట్టుకోకు. నేను చేసినప్పుడు అదే వెలుగుతుంది. ముందు నీ ముఖమే నీకు కనపడుతుంది, కంగారుపడకు. కింద ఆకుపచ్చ గుండ్రం ఉంటుంది. దాని మీద వేలు పెట్టి, కుండ మీద గుడ్డ లాగుతావు చూడు, అలా ఒక్క లాగు లాగు. నొక్కకు. ఎర్రదాని జోలికి పోకు. ఎత్తాక చెవి దగ్గర పెట్టుకోకు, ముఖం ఎదురుగా పెట్టు."

"ఇంతేనా?" అంది అత్త. "నాకు రాని పనేముంది ఇందులో?" ఇంకో రేకు లాగి, "చెయ్యి బాగైందని కాగితం ఎంతైనా చెప్తుంది. నేను చూడాలి" అంది.

శనివారం పొద్దు వాలకముందే కుండ దించేసింది. చేతులు కడుక్కుని కొంగుతో తడి లేకుండా తుడుచుకుంది. ఫోన్ని పీట మీద వెల్లకిలా పెట్టి ఎదురుగా కూర్చుంది. "నువ్వుండరా అబ్బాయ్" అంటే నేనూ అరుగు చివర కూర్చున్నాను. నా దగ్గర ఉన్నది బటన్ల ఫోను. దీని సంగతి నాకూ తెలీదు.

మోగింది. తెర మీద మా పైన ఉన్న పెంకులు కనపడ్డాయి, పైన గణేష్‌బాబు పేరు. అత్త ఆకుపచ్చ దాని మీద వేలు పెట్టి తనవైపు లాగింది. మోగుతూనే ఉంది. మళ్ళీ లాగింది. మళ్ళీ. ఆగిపోయింది.

"నా వేలు దానికి ఆనట్లేదేమోరా. కుండ వేడికి వేళ్ళు మొద్దుబారిపోయాయి."

ఆ వేళ్ళు ఎలా ఉంటాయో నాకు తెలుసు. కాగితం తీసి మళ్ళీ చూశాను. గుడ్డ లాగినట్టు అనే ఉంది. ఎటు లాగాలో ఎక్కడా లేదు.

ఈలోగా మళ్ళీ మోగింది. ఈసారి వంగి చూశాను. ఆకుపచ్చ గుండ్రం మీద చిన్న బాణాలు పైకి పాకుతున్నాయి.

"అత్తా, పైకట! నీవైపు కాదు, అటు!"

అటు తోసింది. తోయడం అలవాటు లేని వేలు, గట్టిగా ఆని సగంలో నిలబడిపోయింది.

"నేను ఎత్తనా?"

"నువ్వు తప్పుకో! వాడు నన్ను కదా ఎత్తమంది."

అని, రెండు చేతులతో ఫోన్ని పట్టుకుని పీట మీదే గిర్రున తిప్పేసింది. తల తనవైపు, కాళ్ళు అటువైపు. గుండ్రం మీద వేలు పెట్టి, నలభై ఏళ్ళుగా గుడ్డ లాగుతున్నట్టే, మెత్తగా తనవైపు లాగింది.

మోత ఆగింది. గణేష్‌బాబు తలకిందులుగా వచ్చాడు.

"మామ్మా! ఎక్కడున్నావే? పెంకులు కనపడుతున్నాయి!"

"పెంకులు తర్వాత చూద్దువు గానీ. చెయ్యి చూపించు."

"ముందు నిన్ను చూడనీవే."

"చెయ్యి."

నేను ఫోను తీసి సరిగ్గా తిప్పి ఆమె ముఖానికి ఎదురుగా పట్టుకున్నాను. చెయ్యి పైకెత్తాడు. అరచేతి మీద గులాబీ రంగు చార.

"ముడువు."

ముడిచాడు. చిటికెన వేలు మాత్రం నిలబడిపోయింది.

"అది?"

"మెల్లగా వస్తుందన్నారు మామ్మా. నొప్పేం లేదు."

అత్త కాసేపు దాన్నే చూసింది. తర్వాత తన చెయ్యి ఎత్తి, బొటనవేలూ చూపుడువేలూ కలిపి పట్టి చూపించింది.

"గుడ్డ పట్టుకోడానికి ఈ రెండే కావాలి. నీకవి ఉన్నాయి. ఇంకోసారి కాగితం మీద అబద్ధం రాయకు."

"రాయనులే" అన్నాడు. వాడి వెనక ఎవరో పిలిచారు. వెళ్ళాడు.

మర్నాడు వెళ్ళేసరికి ఫోను పీట మీద ఉంది, తల అత్త కూర్చునే వైపు. తిప్పబోయాను.

"ఉండనీరా. అదలాగే ఉండాలి" అంది, గుడ్డ పిండినీళ్ళలో ముంచుతూ.