బయట పెడితే ఎరుపు

పాలు తోడు పెట్టే పని మా అత్త శకుంతలమ్మ నాకివ్వదు. అంట్లు నావి, ఇడ్లీపిండి రుబ్బడం నాది, ఆమె మోకాళ్ళకు నూనె రాయడమూ నాదే. తోడు మాత్రం ఆమెది. "రోజంతా క్రిముల్లో పెట్టే చేతులమ్మే అవి. పెరుగు చెడిపోతాది" అంటుంది. పాలను పెరుగు చేసేది కూడా క్రిములేనని పెళ్ళయిన కొత్తలో ఒకసారి చెప్పాను. మా ఆయన మునిప్రసాద్ పళ్ళెంలోంచి తల ఎత్తకుండా "పాఠాలు ఆపి సాంబారు పొయ్యి" అన్నాడు. అప్పటినుంచి నాకు తెలిసినవన్నీ నా లోపలే ఉంటున్నాయి. అక్కడ చోటుకేం తక్కువ లేదు. ఎవరూ రారు కదా.

ఇద్దరం తిరుపతిలో ఒకే ప్రైవేటు ఆసుపత్రిలో పనిచేస్తాం. ఆయన కింది అంతస్తులో మందుల స్టోర్సుకు ఇన్‌చార్జి. నేను రెండో అంతస్తులో మైక్రోబయాలజీ టెక్నీషియన్ని. రోగుల రక్తంలో, చీములో, మూత్రంలో ఏ క్రిమి ఉందో చూడటం నా పని. క్రిములకు తిండి కలిపి గట్టిపరిచిన ప్లేటు మీద శాంపిల్‌ని సన్నగా గీసి, మన ఒంటి వేడికి సరిపోయే ముప్పై ఏడు డిగ్రీల పెట్టెలో రాత్రంతా ఉంచుతాం. పొద్దునకి ఒక్కో క్రిమి లక్షలుగా పెరిగి కంటికి ఆనే చుక్కవుతుంది. దాన్నే కాలనీ అంటాం. కాలనీ చూసి పేరు కనిపెట్టి, ఏ మందుకు లొంగుతుందో రాసి పంపుతాం. ఆ తర్వాత మమ్మల్ని ఎవరూ తలుచుకోరు.

ఆ చలికాలం నెలలు నిండని పిల్లల వార్డు నుంచి రక్తం సీసాలు రావడం ఎక్కువైంది. శ్రీకాళహస్తి బాబు ఒకడు, పీలేరు పాప ఒకతె, గూడూరు నుంచి వచ్చిన మరో పాప. పిల్లలకు జ్వరం, ఊపిరి ఆగి ఆగి రావడం. ముగ్గురి ప్లేట్ల మీదా పాలిపోయిన మామూలు కాలనీలే. మైక్రోస్కోపు కింద గులాబీరంగు కడ్డీలు. ఇలాంటివి పది రకాలుంటాయి. మా దగ్గర క్రిమి పేరు పట్టే యంత్రం లేదు. ఏ కుటుంబానికి చెందిందో మాత్రం రాసి, ఎవరి రిపోర్టు వాళ్ళ డాక్టరుకు వేరువేరుగా పంపాను. బరువు తక్కువ పిల్లలకు ఇన్‌ఫెక్షన్లు వస్తూనే ఉంటాయని డాక్టర్లు మందులు మార్చారు. గూడూరు పాప బతకలేదు.

పని అయిపోయిన ప్లేట్లను ఆటోక్లేవులో, అంటే పెద్ద కుక్కర్‌లాంటి దాంట్లో ఉడికించి పారేస్తాం. ఆ వారం దాని గాస్కెట్ పోయింది. స్టోర్సు నుంచి కొత్తది రాలేదు. వచ్చేదాకా పాత ప్లేట్లను మూతలకు టేపు వేసి, డబ్బాలో పెట్టి, ఏసీ గదిలో మూలకి జరిపాను. ఆదివారం గడిచి సోమవారం డబ్బా తెరిస్తే మూడు ప్లేట్ల మీద పారాణి పూసినట్టు ఎరుపు. మిగతావన్నీ ఎలా పెట్టినవి అలాగే ఉన్నాయి. పేర్లు చదివాను. శ్రీకాళహస్తి బాబు, పీలేరు పాప, గూడూరు పాప. ఆ ఎరుపు ఏమిటో డిప్లొమాలో చదువుకున్నాను. సెరేషియా. చల్లని చోట ఎర్రగా పండుతుంది, వెచ్చని పెట్టెలో చాలాసార్లు ఆ రంగు చూపించదు. మనిషి ఒంట్లో కంటే తడిలో ఎక్కువగా ఉంటుంది. సింకు, సబ్బునీళ్ళు, మూత తీసిన సెలైను.

మా ల్యాబు డాక్టర్ హేమశ్రీ మేడం వారానికి రెండుసార్లే వస్తారు. ఫోన్ చేశాను. ఆమె "ముగ్గురికీ ఒకటేనా అని తేల్చు. ఆ వార్డులో తడి తగిలేదల్లా శాంపిల్ తీయి. డాక్టర్లతో నేను మాట్లాడతాను" అన్నారు. ముగ్గురి కాలనీలనూ జంట ప్లేట్ల మీద గీసి ఒకటి పెట్టెలో, ఒకటి బల్ల మీద ఉంచాను. పెట్టెలోవి తెల్లగా, బల్ల మీదవి ఎర్రగా వచ్చాయి. మందుల పరీక్షలో మూడూ అవే మందులకు లొంగాయి, అవే మందులకు మొండికేశాయి. ఆఖరి మందుగా వాడే కొలిస్టిన్ మూడింటినీ ఏమీ చేయలేదు. వేరువేరు ఊళ్ళ పిల్లలకు ఒకే క్రిమి దొరికేది ఒకచోటే, మా వార్డులోనే.

వార్డులో నర్సు జెస్సీ తిప్పి చూపించింది. సింకు, చేతులు కడిగే ద్రవం, పిల్లల్ని వెచ్చగా ఉంచే తొట్టెల్లోని తేమ, అన్నీ తీసుకున్నాను. చివర్లో బల్ల మీది పెద్ద సెలైను సీసా కనబడింది. దాని రబ్బరు మూతకు ఒక సూది గుచ్చి అలాగే వదిలేసి ఉంది.

"ఇదేంది జెస్సీ?"

"పిల్లోళ్ళకు మందు ఇచ్చినాక నరంలోకి కొంచెం సెలైను తొయ్యాల కదక్కా. ముందర ఒక్కొక్కరికి చిన్న ఆంప్యూల్ తెరిచి, ఒక్కసారి వాడి పారేసేవోళ్ళం. స్టోర్సోళ్ళు ఆపేసినారు. ఇప్పుడు పూటకొక సీసా. అందురికీ దాంట్లోంచే."

సీసాలో నీళ్ళు తీసుకున్నాను, అదే బ్యాచిలో తెరవని సీసాలోంచి కూడా. తెరవని దాంట్లో ఏమీ పెరగలేదు. సూది గుచ్చినదాన్ని గీసిన ప్లేటు బల్ల మీద ఎర్రబడింది. ముగ్గురు పిల్లల రక్తంలో ఉన్నదే. సింకు ప్లేటు మీదా అదే ఎరుపు, అక్కడి తడి చేతుల నుంచి సూదిలోకి చేరి ఉంటుంది. జెస్సీ సూది సీసాలన్నీ పారేసింది గానీ, ఆంప్యూల్స్ రాకపోతే రేపు మళ్ళీ అదే చేయాలి. పంపమని వార్డు రాసిన కాగితాలను స్టోర్సు తిప్పి కొడుతూనే ఉంది. పొదుపు చేశాడని దసరాకు యాజమాన్యం మా ఆయనకు శాలువా కప్పింది. ఆ శాలువా మడతపెట్టి బీరువాలో పెట్టింది నేనే.

సాయంత్రం ఇంట్లో ఆయనకు చెప్పాను. బయట వినడం కంటే నా నోట వింటే మేలనుకున్నాను. ఆయన ఎప్పుడూ లేనంత మెత్తగా "లోకా, ప్లేట్లలో అప్పుడప్పుడు బయటి క్రిమి పడతాదని నువ్వే అంటావు కదా. నా చేతి పొరపాటు అని రాసెయ్. నిన్నెవురూ ఏమీ అనరు. నాకైతే ఉద్యోగం పోతాది" అన్నాడు. అత్త తలుపు దగ్గర నిలబడి "మొగుడు బాగుంటేనే కదమ్మే నువ్వు బాగుండేది" అంది. ఇన్నేళ్ళలో నా పని గురించి వాళ్ళిద్దరూ నాతో అంతసేపు మాట్లాడటం అదే. నాకు ఏడుపొచ్చింది. పాప పోయిందని ఎవరూ అనలేదు. ఏ పాప అని కూడా అడగలేదు. పక్క మీద ఆయన నా చెయ్యి పట్టుకుని పడుకున్నాడు. ఆ చెయ్యి కోసం నేను ఎన్ని రోజులు ఎదురుచూశానో ఆయనకు తెలియదు. అంత దగ్గరగా పడుకుని అంత ఒంటరిగా నేనెప్పుడూ లేను.

మర్నాడు మేడం పెట్టించిన మీటింగులో మేనేజరు సుందరరాజు గారు, పిల్లల డాక్టర్లు, హేమశ్రీ మేడం, జెస్సీ, మా ఆయన ఉన్నారు. ప్లేట్లు బల్ల మీద పెట్టాను. సుందరరాజు గారు వాటి వంక చూడకుండా "ల్యాబులోనే ఏదో కలిసిపోయుండొచ్చు కదమ్మా? చేసింది నువ్వే, నువ్వే చెప్పు" అన్నారు. మేడం నోరు తెరవబోయి, నా ముఖం చూసి ఆగిపోయారు.

మునిప్రసాద్ నావైపు తిరిగాడు. పెళ్ళయినప్పటినుంచి నేనేం చెబుతానా అని ఆయన కనిపెట్టుకుని ఉండటం అదే మొదటిసారి. ఆ చూపుకి ఒక్కసారి గుండె కరిగిన మాట నిజం.

"తెరవని సీసాను కూడా ఈ చేతుల్తోనే గీసినాను సార్. దాంట్లో ఏమీ లేదు" అన్నాను. "సూది గుచ్చిన సీసాలో ఉండాది, పిల్లోళ్ళ రక్తంలో ఉండాది. చిన్న ఆంప్యూల్స్ ఆపింది మా ఇంటాయన. మధ్యాన్నం మందుల టయానికి అవి పైకి రావాల, తొట్టెల్లో ఇంకా పిల్లోళ్ళు ఉండారు."