ఖాళీగా వదిలిన ఆరో రోజు

ఆత్మకూరులో మధులత వేసిన పది రోజుల యాత్ర ప్లాను కాగితం మీద చూస్తే బాగానే ఉంది. రెండు రోజులు కోటలూ కొండలూ, ఒక రోజు సముద్రం. మళ్లీ రెండు రోజులు తిరుగుడు, మళ్లీ సముద్రం. అట్లా మూడో రోజు, ఆరో రోజు, తొమ్మిదో రోజు మైపాడు ఒడ్డున విశ్రాంతి. పదో రోజు నెల్లూరులో రైలెక్కించడం. హనుమకొండ నుంచి వచ్చిన పది మందీ ఒకే కాలేజీలో పనిచేసి రిటైరైనవాళ్లు. వాళ్లలో పెద్దాయన జనార్దనయ్య, ముప్పై ఏళ్లు చరిత్ర చెప్పినాయన. ఉదయగిరి కోటను కృష్ణదేవరాయలు ఏడాదిన్నర ముట్టడించాడని పిల్లలకు పాఠం చెప్పాడే గాని, ఆ కొండను ఒక్కసారీ చూడలేదట. ఈ ప్రయాణమంతా ఆ కొండ కోసమే. దాన్ని ఎనిమిదో రోజుకు పెట్టింది మధులత.

అంతకు ముందు ఆమె నడిపినవన్నీ మూడు రోజుల యాత్రలు. తిరుపతి, కంచి, అరుణాచలం తిప్పుకొచ్చి ఇంటి దగ్గర దించడమే. పది రోజులది ఇదే మొదలు. బస్సు ఆమె మామ మాలకొండయ్యది. ఆయన ఒక మాట అనేసినాడు. "పది మందిని తీసకపోతా ఉండావు. పదో రోజుకి పది మందినీ రైలెక్కించు. మధ్యలో ఒక్కరు ఇంటికి పోతానన్నా బస్సు పెళ్లిళ్లకు తిప్పుకుంటా. నువ్వు మళ్లా అడగబాక." మాలకొండయ్య మాట అంటే అన్నట్టే. బస్సు పోతే మధులతకు ఆ పనే పోయినట్టు.

ఐదో రోజు దీపాలు పెట్టే వేళకు చంద్రగిరి నుంచి వచ్చి మైపాడు గెస్టుహౌస్ ముందు బస్సు ఆగింది. ఒక్కరూ లేవలేదు. లిదియమ్మ, ఆ కాలేజీలో లైబ్రరీ చూసినావిడ, కిటికీకి తల ఆనించి అట్లాగే ఉండిపోయింది. జనార్దనయ్య మెట్టు మెట్టుకూ ఆగి దిగాడు. దిగి మధులతను పక్కకు పిలిచాడు.

"అమ్మా, ఏమీ అనుకోకు. మేం రేపు రైలెక్కుతాం."

"అదేంది సార్, రేపు సముద్రం కదా. విశ్రాంతి."

"మొన్నా సముద్రమే. విశ్రాంతే అన్నావు." ఆయన కోపంగా అనలేదు. అదే ఆమెకు ఎక్కువ భయం పుట్టించింది. "పొద్దున ఆరింటికి లేపావు. ఎనిమిదికి నీళ్లలో దింపావు. తొమ్మిదికి మీ డ్రైవరు హారన్ కొట్టాడు. పదికి జొన్నవాడ గుడి, పన్నెండుకి నరసింహకొండ, మూడింటికి రంగనాథస్వామి. తడిబట్టలు కిటికీ కమ్మీలకు కట్టుకొని తిరిగాం. ఆ బట్టలు ఈ రోజుకీ సరిగా ఆరలేదు. మూడు రోజుల్లో ఉదయగిరి ఎక్కాలంటే మా కాళ్ల వల్ల కాదు. ఎక్కలేనప్పుడు ఉండి ఏం లాభం?"

ఆయన లోపలికి వెళ్లిపోయాడు. మధులత వాకిట్లో అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు వేసింది. బస్సు తుడుస్తున్న డ్రైవరు, మరిది పెంచలప్రసాద్ దగ్గరికి పోయి నిలబడింది.

"మొన్న తొమ్మిదింటికి హారన్ ఎందుకు కొట్టినావురా?"

"స్నానాలు అయిపోయినాయి గదా వదినా."

"అయిపోతే?"

"అయిపోతే ఇంకేముండాది ఆడ?" అన్నాడు అతను. నిజంగానే అర్థం కాక అడిగాడు.

మధులతకు తిట్టబుద్ధి కాలేదు. ఆ రోజు హారన్ వినగానే అందరికంటే ముందు చెప్పులు తొడుక్కున్నది తానే. ఉదయగిరి, సీతారామపురం వైపు మెట్ట ఊళ్లవాళ్లకు సముద్రమంటే కార్తీకంలోనో మాఘంలోనో లారీ కట్టుకొనివచ్చి మూడు మునకలేసి, టెంకాయ కొట్టి, పొద్దు నడినెత్తికి రాకముందే తిరుగు ముఖం పట్టడం. గట్టున ఊరికే కూర్చున్నవాళ్లను ఆమె పుట్టినకాడి నుంచి చూడలేదు. పైగా ఇంటికొచ్చిన చుట్టాన్ని ఏమీ చూపించకుండా కూర్చోబెడితే మర్యాద తక్కువ. ప్లానులో ఆ మూడు రోజుల ఎదురుగా ఉత్త చోటు కనబడితే ఆమెకు సిగ్గేసింది. అందుకే ఒక్కో గుడీ రాసుకుంటూ పోయింది. ఆరో రోజుకీ నాలుగు రాసి పెట్టింది. ఆ కాగితం ఇప్పుడు చేతిలోనే ఉంది.

ఆమె జనార్దనయ్య గది తలుపు తట్టింది.

"సార్, రేపొక్క రోజు చూడండి. ఎక్కడికీ పోం. సాయంత్రానికి కూడా మీకు పోవాలనిపిస్తే నేనే స్టేషన్లో దించుతాను."

"ఎక్కడికీ పోమని మొన్న కూడా అన్నావమ్మా."

"రేపు బస్సే ఉండదు సార్."

తెల్లవారగానే ప్రసాద్‌ను నెల్లూరికి పంపించింది. బ్రేకులు చూపించు, కడిగించు, గ్రీజు పెట్టించు, పొద్దు కుంకేదాకా రాబాక అని. అతను రెండుసార్లు వెనక్కి తిరిగి చూసి వెళ్లాడు.

బస్సు లేని వాకిలి చూసి, యాత్రలో వంటకు వచ్చిన పిచ్చమ్మ నడుం మీద చేయి పెట్టుకుంది. ఆమెది సీతారామపురం పక్కన పల్లె, మధులతకు వరసకు మేనత్త. మేకలను చెల్లెలికి అప్పజెప్పి వచ్చింది.

"ఏంది మధూ, బండి యాడికి పోయ?"

"పంపించేసినా అత్తా. ఈ రోజు అందరం ఊరికే కూర్చోవాలి."

"ఊరికేనా? నేను కూడానా?"

"నువ్వు వంట చెయ్యి."

"అది మేలు. నీ గతే నాకు దిగులుగా ఉండాది. పెళ్లిలో పీటల మీద కూడా కుదురుగా కూర్చోలేదు నువ్వు."

పొద్దున తొమ్మిది దాకా ఇసుకలో ఎండ బాగానే ఉంది. పట్టపోళ్లు వలలు లాగుతుంటే పది మందీ చూశారు. వాళ్లలో ఒకాయన వచ్చి, మోకాలి లోతు దాటొద్దు, ఇక్కడ నీళ్లు లోపలికి గుంజుతాయి అని చెప్పిపోయాడు. ఎండ ముదిరాక అందరూ సరుగుడు చెట్ల నీడకు చేరారు. జనార్దనయ్య చాప పరుచుకొని, తువ్వాలు ముఖం మీద వేసుకొని పడుకున్నాడు. లిదియమ్మ పాదాలకు నూనె రాసుకుంది. ఎవరూ మాట్లాడుకోవడం లేదు.

ఆ మౌనం మధులతను తినేసింది. మాట్లాడుకోవడం లేదంటే విసుగు పుట్టిందనే కదా. విసుగు పుడితే సాయంత్రం స్టేషన్. లేచి పోయి మజ్జిగ కావాలా అని అడిగింది. వద్దన్నారు. అరగంటకు టెంకాయ నీళ్లు కొట్టించమంటారా అని అడిగింది. తర్వాత, ఇక్కడికి దగ్గర్లో రామతీర్థం ఉంది, ఆటోలో పోయి రావచ్చు అనబోయి నాలుక కరుచుకుంది. గడియారం చూసింది. పదకొండు పది. మళ్లీ చూసింది. పదకొండు పద్నాలుగు.

"అమ్మా మధులతా," అంది లిదియమ్మ కళ్లు తెరవకుండానే, "నువ్వు నడుస్తుంటే ఇసుక నా మీద పడుతోంది. కూర్చో తల్లీ."

కూర్చుంది. కూర్చున్నా మోకాలు ఆడుతూనే ఉంది. మొన్నటి రోజుల్లో వీళ్లు ఇట్లాగే నిశ్శబ్దంగా ఉన్నారా అని గుర్తు చేసుకుంది. లేదు. బస్సులో ఊరికే ఏదో ఒకటి గొణుగుతూ, నీళ్లసీసా ఎక్కడ, మాత్ర ఎక్కడ అని వెతుక్కుంటూ ఉండేవాళ్లు. ఇప్పుడు ఎవరూ ఏదీ వెతుక్కోవడం లేదు.

మధ్యాహ్నం చేపల పులుసు తిని పది మందీ గదుల్లో పడుకున్నారు. నాలుగున్నర దాటినా తలుపులు తెరుచుకోలేదు. మధులత వరండాలో కూర్చుని తలుపుల వంకే చూసింది. సంచులు సర్దుకుంటున్నారేమో. లోపల చప్పుడు లేదు. ఐదింటికి జనార్దనయ్య బయటికి వచ్చాడు. కాళ్లు రెండు సార్లు విదిలించి చూసుకున్నాడు.

"టీ ఉందా?" అన్నాడు. తాగాక అన్నాడు. "రేపు భైరవకోన అని రాశావు కదా. ఎంత దూరం?"

"పొద్దున ఆరింటికి బయల్దేరితే పదకొండుకి చేరతాం సార్. చూసుకొని సాయంత్రానికి ఉదయగిరి."

"మర్నాడు తెల్లవారుజామున కొండ." ఆయన లెక్క అక్కడే ఆపేశాడు. ఆ ముఖం మళ్లీ నిన్నటి ముఖంలా అయింది.

మధులత వంటగదిలోకి పోయింది. భైరవకోనకు పిచ్చమ్మ ఊరు కూతవేటు దూరం. చెల్లెలు వంట చేసి పెడుతుందనీ, కోళ్లు కూడా తీసి ఉంచిందనీ నాలుగు రోజులుగా చెప్తోంది. తన చేతి వంట తిన్న పట్నం వాళ్లను తన ఊరికి తీసుకుపోవడం ఆమెకు ఎంత ముచ్చటో మధులతకు తెలుసు.

"అత్తా, భైరవకోన తీసేస్తా ఉండా."

పిచ్చమ్మ గరిటె కింద పెట్టింది. "మా చెల్లెలికి ఏం చెప్పేది?"

"నేను చెప్తా ఫోన్ చేసి."

"నువ్వు చెప్తే నిన్ను తిట్టదు, నన్ను తిడతాది." గరిటె మళ్లీ అందుకుంది. "రాళ్లలో దేవుళ్లు ఎనిమిది గుహల్లో ఉండారు. ఈళ్లు చూడకపోతే ఈళ్లకే నష్టం. మాకేంది." ఆ రాత్రి కూరలో ఉప్పు ఎక్కువైంది. అందరూ మజ్జిగ కలుపుకొని తిన్నారు.

ఏడో రోజు పొద్దునంతా మళ్లీ ఇసుకే. మధ్యాహ్నం భోజనం చేసి నిదానంగా బయల్దేరి, పొద్దుండగానే ఉదయగిరి చేరి లాడ్జీలో దిగారు. స్టేషన్ మాట ఎవరూ ఎత్తలేదు. మధులత కూడా ఎత్తలేదు. ఎత్తితే గుర్తొస్తుందని భయం.

ఎనిమిదో రోజు వెలుగు రాకముందే కొండ మొదట్లో చెంచురామయ్య కర్ర పట్టుకొని నిలబడి ఉన్నాడు. ఆ కొండ మీద మేకలు మేపేవాడు. దారి అతనికి తెలిసినట్టు ఇంకొకరికి తెలియదు. మోకాళ్ల నొప్పులున్న ఇద్దరిని మధులత ముందే అడిగింది. వాళ్లు ఊళ్లో రంగనాయకుల గుడి చూస్తామన్నారు. తక్కిన ఎనిమిది మంది మనిషికి రెండు సీసాల నీళ్లు తీసుకొని ఎక్కారు.

ఆమె అందరికంటే వెనక నడిచింది. ఎవరైనా ఆగితే తానూ ఆగి వాళ్ల కాళ్ల వంకే చూసేది. చెంచురామయ్య ప్రతి మలుపులో కూర్చోబెట్టాడు. "మేకలు కూడా ఈడ నిలబడతాయి సారూ," అన్నాడు. జనార్దనయ్య నవ్వి కూర్చున్నాడు. ఎండ ఎక్కే లోపల పైకి చేరారు. కూలిన గోడలు, ముళ్లకంపలో గుళ్లు, ఒక మసీదు. జనార్దనయ్య ఏదైనా పాఠం చెప్తాడని అందరూ చూశారు. ఆయన ఒక బురుజు రాయి మీద అరచేయి పెట్టి చాలాసేపు అట్లాగే ఉన్నాడు. చెప్పింది ఒక్కటే. "ఇంత ఎత్తా."

దిగేసరికి పన్నెండు దాటింది. అన్నాలు తిని బస్సెక్కారు. ఆత్మకూరు వచ్చేసరికి రోడ్డు పక్క మాలకొండయ్య నిలబడి ఉన్నాడు. ప్రసాద్ ఆపాడు. ఆయన ఎక్కలేదు. కిటికీల వెంట నడుస్తూ, పెదవులు కదుపుతూ తలలు లెక్కపెట్టాడు. పది. అన్నీ నిద్రలో ఒరిగి ఉన్నాయి.

"అందరూ ఉండారే," అన్నాడు మధులతతో, మెల్లగా. "భైరవకోన పోలేదంట?"

"లేదు మామా."

"రేపేం చూపిస్తావు?"

"సముద్రం."

"మొన్న చూపిచ్చిందే గదా. ఇంకేం చూపిస్తావు?"

"ఏమీ చూపించను మామా."

మాలకొండయ్య మళ్లీ కిటికీలోకి చూశాడు. జనార్దనయ్య నోరు తెరుచుకొని నిద్రపోతున్నాడు. ఒళ్లో అరచేయి వెల్లకిలా ఉంది, రాతి దుమ్ము ఇంకా పోలేదు.

"ఆదివారానికి కలిగిరి పెళ్లోళ్లు అడిగినారు," అన్నాడు. "వేరే బండి చూసుకోమంటాలే."

వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. ప్రసాద్ బస్సు కదిలించాడు. చేయి అలవాటుగా హారన్ మీదికి పోయింది. మధులత వెనక సీట్లకేసి చూసి తల అడ్డంగా ఊపింది. అతను చేయి తీసేశాడు. ఆమె ముందు సీట్లో కూర్చుని, రేపు పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా తాను ఏం చేస్తూ కూర్చోవాలో ఆలోచిస్తూ, నెల్లూరు దాకా మోకాలు ఆడిస్తూనే ఉంది.