అంచు దగ్గర ఆగిపోయే బాణం

ఆ డాక్టరమ్మ పని రోజంతా ఇతరుల ఎముకలూ ఊపిరితిత్తులూ మెదళ్ళూ చూడడం. ఆసుపత్రి కింది అంతస్తులో, కిటికీ లేని గదిలో, దీపాలు తగ్గించుకుని రెండు తెరల ముందు కూర్చుంటుంది. ఎడమవైపు నిలువుగా, పొడుగ్గా ఉన్న తెర మీద స్కాన్లు వస్తాయి. కుడివైపు అడ్డంగా ఉన్న మామూలు తెర మీద పైన రోగుల జాబితా, కింద రిపోర్టు రాసే చోటు. బొమ్మ చూడడం, మౌస్‌ను కుడికి తొయ్యడం, రిపోర్టులో ఒక్కసారి నొక్కడం, మైకులో చెప్పడం. చెప్పిన మాటలు అక్షరాలై కూర్చుంటాయి. చెప్పేటప్పుడు కళ్ళు మూసుకోవడం ఆమెకు అలవాటు. మూసుకుంటేనే చూసింది బాగా గుర్తుంటుందట.

ఆమె సెలవులో ఉండగా, మినుకుమినుకుమంటున్న మామూలు తెర తీసేసి దాని చోట కొత్తది పెట్టారు. అదే బల్ల, అదే వైపు. వచ్చి చూసి, బాగుందనుకుని పనిలో పడింది.

మొదటిసారి అది జరిగినప్పుడు పట్టించుకోలేదు. ఎవరిదో భుజం స్కాన్ చూసి మౌస్‌ను కుడికి తోసింది. బాణం గుర్తు పొడుగు తెర అంచుదాకా వెళ్ళి, గోడకు తగిలినట్టు ఆగిపోయింది. మళ్ళీ తోసింది, కదల్లేదు. కాస్త కిందికి లాగి తోస్తే ఒక్కసారిగా అటు దూకింది. కానీ దూకింది ఆమె అనుకున్న చోటికి కాదు. తెర అడుగున తోస్తే అటువైపు తెర పైభాగంలో తేలింది.

చెయ్యి జారిందనుకుంది.

మర్నాడు ఒక మోకాలు చూసింది. చూపు బొమ్మ మీదే ఉంచి, మౌస్ తోసి, నొక్కి, కళ్ళు మూసుకుని చెప్పడం మొదలుపెట్టింది. కళ్ళు తెరిచేసరికి ఎదురుగా మోకాలు లేదు, ఎవరిదో నడుము ఉంది. మోకాలు సంగతులన్నీ ఆ నడుము మనిషి పేరు కింద పడి ఉన్నాయి. సంతకం పెట్టలేదు కాబట్టి సరిపోయింది. గబగబా చెరిపేసింది. నొక్కింది రిపోర్టులో కాదనీ, జాబితా పక్కన ఉండే ‘తర్వాతి రోగి’ బొత్తం మీదనీ అర్థమైంది. ఎందుకు నొక్కిందో మాత్రం అర్థం కాలేదు. ఇన్నేళ్ళుగా చేస్తున్న పని, చూడకుండా చేసే పని.

కంప్యూటర్లు చూసేవాళ్ళకు ఫోన్ చేసి మౌస్ మొరాయిస్తోందని చెప్పింది. కొత్త మౌస్ పంపారు. అదీ అంతే. కొన్నిసార్లు సాఫీగా దాటుతుంది, కొన్నిసార్లు అంచు దగ్గర బిగుసుకుపోతుంది. ఎప్పుడు ఎలా చేస్తుందో చెప్పలేం. యంత్రం చెడితే ఎప్పుడూ ఒకేలా చెడాలి కదా అనుకుంది. ఒకసారి సరిగ్గా, ఒకసారి తప్పుగా చేసేది యంత్రం కాదు, మనిషి.

ఆ ఆలోచన వచ్చాక ఇక నిలవలేదు.

ఆమె అక్కకు చాలా ఏళ్ళ కిందట ఇలాగే మొదలైంది. మంచినీళ్ళు తాగి గ్లాసు బల్ల మీద పెట్టబోయి, బల్లకు బెత్తెడు అవతల గాల్లో వదిలేసేది. ఇంట్లో అందరూ పరధ్యానం అని నవ్వుకున్నారు. చివరికి చూస్తే తలలో నిమ్మకాయంత గడ్డ. ఆపరేషనయింది, అక్క ఇప్పుడు నిక్షేపంలా ఉంది. కానీ ఆ నవ్వులు మాత్రం చెల్లెలికి గుర్తుండిపోయాయి.

ఇంట్లో తనను తానే పరీక్షించుకోవడం మొదలుపెట్టింది. కళ్ళు మూసుకుని వేలితో ముక్కు ముట్టుకుంది, తగిలింది. సూదిలో దారం ఎక్కించింది, మొదటిసారికే ఎక్కింది. అంచుదాకా నీళ్ళు నింపిన గిన్నె పట్టుకుని గదులన్నీ తిరిగింది. ఏమమ్మా, నీళ్ళకు ఊరేగింపా అని భర్త అడిగితే, నేల తుడుద్దామని తెచ్చానని చెప్పి, మాట నిజం చేయడానికి నిజంగానే తుడిచింది. ల్యాప్‌టాప్ తెరిచి చూస్తే బాణం ఎక్కడికి తోస్తే అక్కడికే వెళ్ళింది.

ఇంట్లో బాగానే ఉండి ఆసుపత్రిలోనే పాడయ్యే చెయ్యి ఏమిటి? మామూలు మనిషైతే అక్కడే ఊరడిల్లేది. ఆమె డాక్టరు కాబట్టి దానికీ ఒక కారణం కనిపెట్టింది. ల్యాప్‌టాప్ తెర చిన్నది, చూపు పక్కకు తిప్పనక్కర్లేదు. రెండు తెరలకు చూపు వెడల్పుగా సాగాలి. లోపం ఆ కుడి చివర ఉందేమో. కుడివైపే కదా బాణం తప్పిపోతోంది! ఇంత తెలివిగా ఆలోచిస్తున్న మెదడు పాడయిందా, పాడయింది కాబట్టే ఇలా ఆలోచిస్తోందా అన్నది మాత్రం తేలలేదు.

అక్కకు ఫోన్ చేసింది. అక్క అంతా విని, అప్పట్లో తనకూ అందరూ అలసట అనే చెప్పారని గుర్తు చేసింది. తర్వాత, “ఊరికే బుర్ర పాడుచేసుకోకు. మాట్లాడకుండా వెళ్ళి తల తీయించుకో,” అంది. ఒక్క క్షణం ఆగి, “ఫోటోనే,” అని సర్దింది. ఇద్దరూ నవ్వారు. ఫోన్ పెట్టేశాక చెల్లెలు కాసేపు ఏడ్చింది.

పక్క గదిలో రిపోర్టులు చూసే పెద్ద డాక్టరును అందరూ నిదానం డాక్టరు అంటారు. ఒక్కో స్కాను మీద ఆయన కూర్చున్నంతసేపు ఇంకెవరూ కూర్చోరు. ఆసుపత్రిలో ఆమె ఆయనతో మాత్రమే సంగతి చెప్పింది. ఆయన తేలిగ్గా తీసుకోలేదు, కంగారూ పడలేదు. తీయిద్దాం, నేనే చూస్తాను అన్నాడు.

మర్నాటి పొద్దున రెండో స్కాను ఆమెదే. మొదట తీయించుకున్నతను రిపోర్టు కోసం బయట బెంచీ మీద కూర్చున్నాడు. రోజూ గాజు అద్దానికి ఇవతల ఉండే మనిషి ఆవేళ అటువైపు పడుకుంది. యంత్రం ఠకఠకలాడుతుంటే, ఈ చప్పుడుకు భయపడకండి అని తను ఎంతమందికి ఎంత తేలిగ్గా చెప్పిందో అనుకుంది.

బట్టలు మార్చుకుని వచ్చేసరికి నిదానం డాక్టరు తన గదికి వెళ్ళబోతున్నాడు. అంత దూరం కూడా ఆగలేనని ఆమె తన గదిలోకే పిలిచింది. ఆయన ఆమె కుర్చీలో కూర్చున్నాడు. ఆమె వెనక నిలబడి కుర్చీ వీపు పట్టుకుంది. పొడుగు తెర మీద ఆమె తల వచ్చింది. ఆయన ఒక్కో పొరా దిగుతూ చూస్తున్నాడు. సగం దాకా వచ్చాక, ఇంతవరకు చూసింది రాసుకుందామని, చూపు బొమ్మ మీదే ఉంచి మౌస్‌ను కుడికి తోసి నొక్కాడు.

తెర ఒక్కసారి నల్లబడి మళ్ళీ వెలిగింది. తల మధ్యలో, తెల్లగా, గుండ్రంగా, కోడిగుడ్డంత ముద్ద.

ఆమె ఇన్నాళ్ళూ అనుమానమే కదా అని మనసులో ఎక్కడో ఒక మూల పెట్టుకున్న ధైర్యం కాస్తా పోయింది. విచిత్రమేమిటంటే ఆ క్షణంలో ఆమెకు భయం కన్నా ముందు, చూశారా నేను చెప్పలేదా అన్న భావం కలిగింది. అక్కకు ఎలా చెప్పాలి, ఇంట్లో కూతురికి ఎలా చెప్పాలి అనుకుంటూ ఆ ముద్ద కొలతలు కూడా కంటితోనే వేసేసింది.

నిదానం డాక్టరు ముందుకు వంగి తెర మూల చూశాడు.

“అమ్మా, ఇది మీది కాదు.”

ఆమెకు వినపడలేదు. ఆయన మళ్ళీ చెప్పాడు.

“ఇక్కడ మగ అని రాసి ఉంది, చూడండి. వయసు ముప్పై. నేను రిపోర్టులో నొక్కాను, తర్వాతి మనిషి వచ్చాడు.” మౌస్ వైపు అనుమానంగా చూశాడు. “ఇదేమిటి, ఇలా దూకింది?”

ఆయన బాణాన్ని పొడుగు తెర మీదికి తెచ్చి మళ్ళీ తోశాడు. అంచు దగ్గర ఆగిపోయింది. కొంచెం కిందికి దించి తోశాడు, ఆగింది. ఇంకా దించాడు, ఆగింది. ఒక్క అట్టడుగున మాత్రం దాటి, అటు తెర పైభాగాన, సరిగ్గా ఆ బొత్తం దగ్గర తేలింది. ఆయన చెయ్యి కూడా తప్పింది.

“మీకూనా?” అంది ఆమె.

ఆయన ముందు ఆమె తలను వెనక్కి తెప్పించి, తన పద్ధతిలో చివరిదాకా చూశాడు. ఆ కాసేపు ఆమె కుర్చీ వదల్లేదు. ఏమీ లేదు, శుభ్రంగా ఉంది అన్నాడు. ఆమె పక్కనున్న మామూలు స్టూలు మీద కూలబడింది. సంతోషం రాలేదు. మరి ఇన్ని రోజులూ ఏమిటిదంతా అన్న అయోమయమే వచ్చింది.

కంప్యూటర్‌లో తెరల అమరిక చూపించే చోటు ఇద్దరూ వెతికి తెరిచారు. అక్కడ రెండు పెట్టెలు ఉన్నాయి. ఒకటో నంబరుది నిలువుగా, రెండోది అడ్డంగా. ఏది ఏదో గుర్తుపట్టే బొత్తం నొక్కితే నిజం తెరల మీద అంత లావు అంకెలు వెలిగాయి. బల్ల మీద రెండు తెరలూ పక్కపక్కనే నిలబడి ఉన్నాయి. లోపల మాత్రం రెండో పెట్టె, ఒకటోదాని కుడి అడుగు మూలకు తగిలీ తగలనట్టు వేలాడుతోంది. కొత్త తెర పెట్టినవాళ్ళు పెట్టెను ఎలా పడితే అలా వదిలేసి వెళ్ళారు. బాణానికి తెలిసింది ఆ బొమ్మే. పెట్టెలు ఒకదానికొకటి ఆనుకున్న ఆ కాస్త మేరలోనే దానికి దారి, మిగతాదంతా గోడ.

ఆమె మౌస్ అందుకుని రెండో పెట్టెను పట్టి పైకి లాగింది. పెట్టె ఒకటోదాని పక్కకు అతుక్కుంది. రెండింటి నడుములూ ఒక వరసలోకి వచ్చేలా జరిపి, ఖాయం చేసింది. బాణాన్ని తోస్తే మధ్యలో చక్కగా దాటింది. ఇంకాస్త పైన తోస్తే దాటింది కానీ ఎత్తులో కొద్దిగా తేడా వచ్చింది. మరీ పైన ఆగిపోయింది. పొడుగు తెరలో బొమ్మను కూర్చే చుక్కలు చాలా ఎక్కువ కాబట్టి దాని పెట్టె పొడుగు, రెండోది అంత పొడవు సాగదు, ఆ మాత్రం తేడా ఉంటుందని నిదానం డాక్టరు చెప్పాడు. రిపోర్టుకు వెళ్ళే దారి మధ్యలోదే కాబట్టి అది చాలంది ఆమె.

అప్పుడు ఇద్దరికీ ఒకేసారి ఆ ముప్పై ఏళ్ళ మనిషి గుర్తొచ్చాడు.

నేను చూస్తాను అన్నాడాయన. ఆమె ఒప్పుకోలేదు. కుర్చీలో కూర్చుని ఆ స్కాను తెరిచింది. కాసేపటి కిందట తనదనుకుని కొలిచిన ముద్దను ఇప్పుడు నిజంగా కొలిచింది. కొలతలు దాదాపు సరిపోయాయి. రిపోర్టు వైపు మౌస్ తోసి, తల తిప్పి చూసి, పేరు చదివి, అప్పుడు నొక్కింది. కళ్ళు తెరిచే ఉంచి, ఒక్కో మాటా నెమ్మదిగా చెప్పింది. సంతకం పెట్టి, పై అంతస్తులోని మెదడు సర్జనుకు తనే ఫోన్ చేసింది. పేషెంటు ఇంకా బయట బెంచీ మీదే ఉన్నాడనీ, ఇంటికి పంపొద్దనీ చెప్పింది.

అక్కకు ఫోన్ చేయడానికి నడవాలోకి వచ్చింది. బెంచీ మీద ఒకతను చెప్పులు సర్దుకుంటూ, ఇంక వెళ్ళొచ్చా మేడం అని అడిగాడు. ఆమె ఫోన్ సంచిలో వేసేసి, అతని పక్కన కూర్చుంది.