తేట నీటిలో ముక్కలు

ఆ శుక్రవారం ఆన్స్‌గర్ కేకు తెచ్చాడు. గోటింగెన్‌లోని మా ప్రయోగశాలలో అదొక ఆనవాయితీ. ఎవరి ప్రయోగం ఫలిస్తే వాళ్ళే ఇంట్లో కేకు చేసి మధ్యాహ్నం కాఫీ వేళకు పట్టుకురావాలి. ఇన్నేళ్ళూ మా కేకులు మెక్కడమే తప్ప వాడు తెచ్చిన పాపాన పోలేదు. ప్లమ్ పళ్ళ కేకు కోస్తుంటే వాడి చెయ్యి వణికింది. మేమందరం కిటికీలోంచి వాన చూశాం.

ఆ వణుకు ఎక్కడిదో మాకు తెలుసు. సైన్యూక్లీన్ అనే ప్రొటీన్ జన్యువు వాళ్ళింట్లో ఒకటి ఎక్కువ. ప్రొటీన్ ఎక్కువైన కొద్దీ మెదడు కణాల్లో గడ్డకడుతుంది; ముందు చేతులు వణుకుతాయి, తర్వాత మతి పోతుంది. వాళ్ళన్న డెట్లెఫ్ ఇప్పుడు భార్యను కూడా పోల్చుకోలేడు. ఆన్స్‌గర్‌కి నలభై ఏడేళ్ళు దాటాయి, వాడికీ మొదలైంది. తన రోగం మీద తనే పనిచేసే మొండిఘటం.

"ఏం వీబ్కే, నోట్లో బెల్లం ముక్కుందా? మెచ్చుకోవేం?" అన్నాడు నాతో.

"ముందు విషయం చెప్పు మహానుభావా, మెచ్చుకోలు తర్వాత."

చెప్పాడు. కణంలో చాపరోన్లు అనే ప్రొటీన్లు ఉంటాయి. కొత్తగా పుట్టే ప్రొటీన్ దారం సరిగ్గా మడత పడేదాకా పక్క దారాలకు అంటుకోకుండా అవి కాపలా కాస్తాయి. ఆ కాపలా తప్పితే సైన్యూక్లీన్ దారాలు బల్లపరుపుగా పరుచుకుని ఒకదాని మీద ఒకటి పేర్చుకుపోతాయి. అదే అమిలాయిడ్ పోగు. పేర్పు లోపల నీటి చుక్కకు కూడా చోటుండదు. పాత ప్రొటీన్లను నమిలే కణయంత్రం నోరు సన్నం. విప్పిన దారాన్ని కొస నుంచి లాక్కోగలదు కానీ, కట్టగట్టిన పోగును లాక్కోలేదు. కణం దాన్ని తనలోని ఆమ్లం నిండిన సంచిలోకి మొత్తంగా మింగితే, అరగని పోగు ఒక్కోసారి ఆ సంచినే చించుతుంది.

ఆన్స్‌గర్ కట్టిన పోగును కూడా విప్పగల మూడు రకాల చాపరోన్లు కలిపి, వాటికి ఇంధనం పోసి, పోగుల మీదికి వదిలాడు. పోగులకు పట్టి మెరిసే రంగు బాగా మసకబారింది. బరువైనవాటిని అడుక్కి దించే యంత్రంలో గిర్రున తిప్పి చూస్తే గొట్టం అడుగున మడ్డి లేదు, పైన అంతా తేట నీరే.

"కరిగిపోయాయే! విడి దారాలయ్యాయి. ఎలుకల్లో చూడ్డమే తరువాయి. డెట్లెఫ్‌కి కాకపోయినా నాకు అందుతుందేమో." వాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాకూ తిరిగాయి. అంతలో నా పాడునోరు ఊరుకోలేదు.

"ఏ యంత్రంలో తిప్పావ్?"

"బల్ల మీది చిన్నదాంట్లో. పెద్దది ఖాళీ లేదు."

చిన్న యంత్రం వేగం తక్కువ, పొడుగు పోగుల్నే అడుక్కి దించుతుంది. పొట్టి ముక్కలు తేట నీటిలోనే దాక్కుంటాయి. మాలాంటివాళ్ళు చేసే తప్పే ఇది. ఆశ ఉన్నవాడైతే తప్పకుండా చేస్తాడు.

సోమవారం ఆ తేట నీటిలో కొంత పెద్ద యంత్రంలో తిప్పాను. గొట్టం అడుగున పల్చటి పొర దిగింది. కొన్ని పోగులు నిజంగానే విడిపోయాయి, అది అబద్ధం కాదు. మిగిలినవి ముక్కలుగా తెగాయి. మర్నాడు పొద్దున్నే, తిప్పకుండా ఉంచిన మిగతా తేట నీటి బొట్టు తాజా ప్రొటీన్‌లో వేశాను. తెగని పోగుల్ని అంతే మోతాదులో ఇంకో గొట్టంలో వేశాను. పోగు పెరిగేది కొసల దగ్గరే. ఒక పోగు పది ముక్కలైతే దారాల్ని పట్టుకునే కొసలు పది రెట్లవుతాయి. తాజా ప్రొటీన్ తనంతట తను గడ్డకట్టడానికి రోజులు పడుతుంది. తెగని పోగులు పడ్డ గొట్టం సాయంత్రానికి మెరిసింది. ఆన్స్‌గర్ బొట్టు పడ్డది మధ్యాహ్నం భోజనానికి ముందే మెరిసింది. దేవుడా, తప్పు నాదైతే బాగుండునని మళ్ళీ చేశాను. మళ్ళీ అంతే.

రెండు గొట్టాల మెరుపు ఎలా పెరిగిందో చూపే గీతలు కంప్యూటర్ తెర మీద పెట్టి వాణ్ణి పిలిచాను. రెండిటినీ పోల్చి చూశాడు.

"తుంచి కొత్త పోగులకు విత్తనాలు చేశానన్నమాట."

"కొన్ని కరిగాయి ఆన్స్‌గర్..."

"ఓదార్చకు, ఒళ్ళు మండుతుంది." కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఈ మూడు చాపరోన్లూ నా తలలోనూ ఉన్నాయి కదా?"

"ఉన్నాయి. అందరి తలల్లోనూ ఉంటాయి."

"పోగు కనబడితే ఊరుకోవు. నన్ను బతికించాలనే తెంపుతూ ఉంటాయి. తెగిన ముక్క పక్క కణంలోకి పోతుంది. ఇన్నేళ్ళూ నా లోపల జరిగింది ఇదేనా?"

"గాజు గొట్టంలో జరిగింది తలలో జరగాలని రూలేం లేదు."

"జరగలేదని చెప్పగలవా వీబ్కే? నువ్వు చెప్తే నమ్ముతాను."

పదిహేనేళ్ళ స్నేహం. ఒక్క అబద్ధం ఆడితే వాడు ఆ రాత్రి నిద్రపోయేవాడు. నేను తల అడ్డంగా ఊపాను, చెప్పలేనని. వాడు మెల్లగా నా చేతిలోంచి మౌస్ తీసుకుని, వణుకుతున్న వేలితో ఆ గీతల్ని ఒక్కొక్కటే మూశాడు.