మడి దండెం

మా అత్త లక్ష్మీదేవమ్మ మడి గురించి చెప్పాలంటే ముందు ఆమె పొయ్యి గురించి చెప్పాలి. పెరట్లో ఒక మూల రాగి కాగు, దాని కింద మూడు రాళ్ల పొయ్యి. తెల్లారకముందే లేచి ఆ పొయ్యి ఆమే ఊదుకోవాలి, ఆమే నీళ్లు కాచుకోవాలి. ఇంకొకరు పుల్ల ఎగదోసినా ఆ నీళ్లు పారబోతకే. నేను ఎత్తుకునే పిల్లల తల్లినట, నా మడి ఆమెకు ఆనదు. వనపర్తి చలికాలం, పచ్చి తుమ్మకట్టెలు, కళ్లు మండించే పొగ. ఆమె ఊదుతూ దగ్గుతూ కన్నీళ్లు తుడుచుకుంటుంటే అరుగు మీద కూర్చుని చూడడమే నా పని. ఏమన్నా అంటే, "నీకెందుకు పుష్పా, పొయ్యి నాది, కండ్లు నావి" అనేది.

ఆ కళ్లల్లో ఒకటి ఎప్పుడో పోయింది. రెండోదాన్ని చూపించడానికి మా ఆయన అనంతయ్య ఆమెను హైదరాబాదు దవాఖానకు తీసుకుపోయాడు. ఇక పొగ తగిలితే ఇది కూడా దక్కదని డాక్టరు చెప్పాడట. చన్నీళ్లు పోసుకోమంటే ఉబ్బసం. పొద్దుటి స్నానం మానమంటే ప్రాణం మానమన్నట్టే. ఆ రెంటి మధ్య ఇరుక్కుని మా ఆయన తిరుగు ప్రయాణంలో బండి మీద ఒక పెద్ద డబ్బా వేసుకుని దిగాడు. పట్నంలో ఎవరో దొర బంగళా ఖాళీ చేస్తుంటే కొన్న గీజరు. కరెంటుతో నీళ్లు కాగుతాయన్నాడు. రెండో ప్రపంచ యుద్ధం రోజులు, కొత్తది ఎక్కడా దొరకదు.

మా ఊళ్లో కరెంటు ఎక్కడిదంటారేమో. మాకు బియ్యం గిర్ని ఉండేది. ఇంటి వెనకే. దాని ఆయిల్ ఇంజన్‌కే ఒక డైనమో తగిలించి ఇంట్లో బుడ్లు మాన్పించి బల్బులు పెట్టించాడు మా ఆయన. ఇంజన్ నడిపేది ఆశీర్వాదం. వీపనగండ్లవాడు, బొంబాయి మిల్లుల్లో పని నేర్చుకుని వచ్చినవాడు. క్రైస్తవుడు. గట్టిగా మాట్లాడతాడు, తనకు పని వచ్చని తనకు బాగా తెలుసు, ఆ సంగతి ఎదుటివాడికి కూడా తెలిసేదాకా వదలడు. అతను ఆడించిన బియ్యం మా అత్త నిక్షేపంగా తినేది. అతను గడప దాటితే మాత్రం మైల. ఈ లెక్క ఏమిటో నాకు పెళ్లైన నాటినుంచీ అర్థం కాలేదు. ఒకసారి అడిగితే, "బియ్యం కడుగుతం గద" అంది.

గీజరు వచ్చాక ఆశీర్వాదం స్నానాల గదిలోకి రాక తప్పలేదు. అత్త ఆ రోజంతా దేవుడి గదిలోంచి బయటికి రాలేదు, అక్కణ్నుంచే హుకుంలు. డబ్బా తను నీళ్లు పోసుకునే బండ పక్కనే, చేతికందేటట్టు పెట్టాలి. స్విచ్చి కూడా లోపలే ఉండాలి, బయట పెడితే పోయేవాళ్లూ వచ్చేవాళ్లూ ముట్టుకుంటారు. మా ఆయన హుకుం ఇంకొకటి. తీగ దొరకడం కష్టం కాబట్టి బల్బుకు పోయే తీగకే దీన్నీ కలపాలి.

ఆశీర్వాదం రెండూ విని నవ్వాడు.

"సేటు, బల్బు తాగేది గుక్కెడు, ఇది తాగేది కడివెడు. ఆ సన్నతీగ మీద పెడితే తీగే పొయ్యి అయితది. దీనికి ఇంజన్ కాన్నుంచే లావుతీగ వేరే రావాలె. ఫ్యూజు వేరే, స్విచ్చి వేరే."

"మరి అమ్మ చెప్పిన జాగా?"

"రేపు అమ్మ తానం అయినంక చూసి చెప్త. ఇయ్యల చెప్ప."

మర్నాడు అత్త స్నానం చేసి పోగానే వచ్చి, సున్నం గోడ మీద తడి ఎంతదాకా ఎగిరిందో చూసి, బొగ్గుతో దాని చుట్టూ గీత గీశాడు. మా అత్త నీళ్లు పోసుకుంటే సగం ఆమె మీద, సగం గోడల మీద. గీత తలుపు దగ్గరిదాకా వచ్చింది. ఆ గీతకు అందనంత దూరంగా, బండకు ఎదురుగోడ మీద, పైకప్పు దగ్గర డబ్బా బిగించాడు. వేడినీళ్లు గొట్టంలో కిందికి వచ్చి నల్లాలో పడతాయి. స్విచ్చిని గది బయట, వసారా చూరు కింద, వాన జల్లు కూడా తగలని చోట ఇనుప పెట్టెలో పెట్టాడు. పిడి కిందికి లాగితే వచ్చే తీగ, పోయే తీగ రెండూ ఒకేసారి తెగుతాయి. డబ్బాకు నీళ్లు అందడానికి మేడ మీద తొట్టి. అందులోకి అత్తకు మైల కాకుండా బావినీళ్లు మోసేది ఎవరనుకుంటున్నారు? నేనే. పొయ్యికి ఆనని మడి మోతకు ఆనింది.

అంతా అయ్యాక ఆశీర్వాదం ఇంకో తీగ కావాలన్నాడు.

"కరెంటు పోనీకి ఒకటి, రానీకి ఒకటి. మూడోది దేనికయ్యా?" అన్నాడు మా ఆయన. అప్పటికే ఓపిక అయిపోయింది ఆయనకు.

"ఎర్తుకు. డబ్బాకూ గొట్టాలకూ కలిపి, ఇంజన్ షెడ్డు కాడ భూమిల పాతిన రాగిపలక దాకా తెంపు లేకుండ పోవాలె. గట్టి తీగ కావాలె. ఇనుపదైనా ఫర్వాలేదు, తుప్పు పట్టకుండ జస్తు పూసిందైతే."

"ఇప్పుడు ఎక్కడ తేవాలె? దొరికినప్పుడు వేద్దం. అప్పటిదాక నడిపియ్యి."

"ఆ తీగ లేనిది నేను ఫ్యూజు పెట్ట" అని ఆశీర్వాదం ఫ్యూజును జేబులో వేసుకుని ఇంజన్ దగ్గరికి వెళ్లిపోయాడు.

మా ఆయన కోపంతో బజారంతా తిరిగి వట్టి చేతులతో వచ్చాడు. అత్త మర్నాడు మళ్లీ పొయ్యి ముందు కూర్చుంది. ఆ పొద్దు పొగ మరీ కమ్మేసింది. కన్ను ఎర్రగా ఉబ్బి, మధ్యాహ్నానికి నన్ను చూసి, "ఎవరది?" అంది. ఆమె మీద నాకు ఎంత కోపమున్నా, ఆమె నన్ను గుర్తుపట్టని రోజు వస్తుందని ఎన్నడూ అనుకోలేదు.

గట్టి తీగ మా ఇంట్లోనే ఉంది. అందరికీ తెలుసు, ఎవరికీ నోరు రాదు. పెరడంతా రెండు వరసలుగా కట్టిన అత్త మడి దండెం. మామగారు బతికుండగా గద్వాల రైలుస్టేషన్ దగ్గర ఎవరితోనో చెప్పి తెప్పించిన లావుపాటి జస్తు తీగ. దాని మీద ఆమె మడిబట్టలు తప్ప ఇంకో పోగు ఆరలేదు. ఆరిన చీరను కర్రతోనే తీసేది. ఇంకొకరు ముట్టుకుంటే ఆ తీగ పనికిరాదు.

సాయంత్రం నేనే అడిగేశాను. "కన్ను ముఖ్యమా, దండెం ముఖ్యమా అత్తా?"

ఆమె ఆశీర్వాదాన్ని పెరటి గుమ్మం దగ్గరికి పిలిపించి, తలుపు చాటున నిలబడి అడిగింది.

"ఒరే, ఆ మూడో తీగ ఏం జేస్తది?"

"ఏం జెయ్యదు అమ్మ. అన్నీ మంచిగున్నన్ని దినాలు ఊకె ఉంటది."

"మరెందుకు?"

"ఎన్నడన్న లోపల ఏమన్న చెడి డబ్బాకు కరెంటు వచ్చిందనుకో. అది భూమిలకు పోనీకి తోవ దేవులాడతది. తడికాళ్లతోని నల్లా పట్టుకున్న మనిషే దానికి తోవ. ఈ తీగుంటే సులువైన తోవ ఇది. దండిగ కరెంటు ఒక్కపారి ఇట్ల గుంజుకపోతది, ఫ్యూజు కాలిపోయి అంతా బందైతది."

అత్త తనే వెళ్లి, దండెం ముడి తనే విప్పి, తీగను చుట్టలా చుట్టి గుమ్మం బయట పెట్టింది. చేతికి ఇవ్వలేదు, కింద పెట్టింది. మర్నాటి నుంచి ఆమె చీరలు వెదురుబొంగు మీద ఆరాయి.

తీగ సరిగ్గా సరిపోయింది, ఎక్కడా అతుకు లేకుండా. అప్పుడు జేబులోంచి ఫ్యూజు తీశాడు ఆశీర్వాదం. పోతూ పోతూ తలుపు వైపు చూసి చెప్పాడు. "అమ్మ, నల్లాల నీళ్లు ధారగ వచ్చినంకనే స్విచ్చి ఎయ్యాలె. కాగినంక బందు చేసి, అప్పుడే లోపటికి పోవాలె. తడిసినంక దాన్ని ముట్టద్దు."

"అంటే దానికీ మడి ఉందన్నట్టు" అంది అత్త లోపల్నించి. నాకు నవ్వాగలేదు.

కానీ అతను అటు పోగానే ఆమె చెంబులో పసుపునీళ్లు కలపడం మొదలుపెట్టింది. నేను పరుగెత్తి స్విచ్చి పెట్టెకు అడ్డంగా నిలబడ్డాను. "దీనిమీద ఒక్క చుక్క పడ్డా నేను మా పుట్టింటికి పోతా" అన్నాను. అత్త గొణుక్కుంటూ చెంబు దించింది. గెలిచాననుకుని, లోపల ఏడుస్తున్న పిల్లను చూడడానికి వెళ్లాను.

తెల్లవారింది. ఇంజన్ మొదలైన చప్పుడు వినిపించింది. అత్త స్విచ్చి వేసి, ఆగలేక, నీళ్లు కాగుతున్నాయో లేదో చూద్దామని వట్టికాళ్లతో లోపలికి వెళ్లి నల్లా పట్టుకుంది. అప్పుడే ఇనుప పెట్టెలో ఫ్యూజు ఫట్‌మని పేలింది. వెనక ఇంజన్ ఒక్కసారి మూలిగి, మళ్లీ తేలికైంది. "అత్తా!" అని నేను పెట్టిన కేకకు పిల్లలు లేచి కూర్చున్నారు.

ఆమె గుమ్మంలోకి వచ్చింది. "ఏంది, ఇంజన్ బందైందా? నీళ్లు ఇంక సల్లగనే ఉన్నయి" అంది.

నేను ఆమెను గట్టిగా పట్టుకున్నాను. ఆమె మడి, నా మైల ఏదీ గుర్తు రాలేదు. ఆమె కూడా విడిపించుకోలేదు.

ఇంజన్ మూలుగు విని ఆశీర్వాదం అప్పటికే పరుగెత్తుకొచ్చాడు. స్విచ్చి పిడి కిందికి లాగి, నిచ్చెన వేసుకుని డబ్బా అడుగు మూత విప్పాడు. లోపల తీగలు బిగించిన చోటునుంచి పసుపుపచ్చటి నీళ్లు కారాయి. పక్కన నల్లగా కాలిన మచ్చ. అమ్మను కనిపెట్టి ఉండలేదని మా ఆయన నావైపు ఉరిమి చూశాడు.

"అంత ఎత్తుకు పసుపునీళ్లు ఎట్ల పోయినయి?" అన్నాడు ఆశీర్వాదం.

"నేనే ఎగజల్లిన" అంది అత్త. ఈసారి తలుపు చాటున లేదు. "నువ్వు ముట్టినవని కడిగిన."

"నాకు ఎర్కనే అమ్మ" అన్నాడు అతను, మూతను పొడిగుడ్డతో తుడుస్తూ. "నేను ముట్టింది మీరు కడుగుతరని ఎర్కనే. గందుకే స్విచ్చి బయట పెట్టిన. గందుకే తీగ లేనిది పెట్టనంటే పెట్టనన్న."

అందులో కోపం లేదు. వాన పడుతుందని తెలిసి గొడుగు తెచ్చుకున్నానని చెప్పినట్టు చెప్పాడు. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. అత్త గోడ వెంబడి పోయిన తన దండెం తీగను చూస్తూ నిలబడింది.

తీగల కొసలు ఆరబెట్టి, కాలింది తీసి, ఇంజన్ దగ్గరి బల్బు ఒకటి తగిలించి పరీక్ష చేసి, మూత బిగించి కొత్త ఫ్యూజు పెట్టడానికి పొద్దెక్కింది. అతను దిగాక మా ఆయన ఎప్పటి అలవాటుగా, "కడుగుతవా అమ్మ?" అని అడిగాడు.

"ఇంక ఏం కడుగుతంరా" అంది అత్త.

ఒక్కరోజులో మా ఇల్లు మారిపోయిందని నేను అబద్ధం చెప్పను. ఆశీర్వాదానికి ఆ తర్వాత కూడా చాలాకాలం మంచినీళ్లు పైనుంచే పోసింది ఆమె. దానిమీద మా ఇద్దరికీ ఎన్ని తగాదాలో. కానీ కన్ను నిలిచింది. నా మూడో పిల్లకు అక్షరాలు దిద్దించేదాకా నిలిచింది. ఆ రాగి కాగులో నేను వడ్లు పోసుకున్నాను.

రోజూ తెల్లవారుజామున గిర్నిలో ఇంజన్ మొదలవగానే అత్త పక్కమీద లేచి కూర్చునేది. ఇన్నేళ్లూ తన పొయ్యిని ఎవరినీ ముట్టనివ్వని మనిషి, ఆ చప్పుడు విని నాతో అనేది:

"లెవ్వు పుష్పా. ఆశీర్వాదం నా పొయ్యి రాజేసిండు."