తొంభై రోజులని చెప్పాను

సాల్మన్‌ని టాంజానియా పంపిన లెటరు నేనే రాశాను. కింద సంతకం కూడా నాదే. ఈ ముక్క ముందే చెప్పేస్తే నాకు కాస్త తేలిగ్గా ఉంటుంది.

మాది మండపేటలో రైస్‌మిల్లు మెషీన్లు తయారుచేసే వర్క్‌షాపు. ఓనరు పల్లంరాజు గారు. నా పేరు సూర్యకళ. పంతొమ్మిదేళ్లుగా అక్కడ ఆఫీసు చూస్తున్నాను. పేరుకి అడ్మిన్ మేనేజర్. జీతాలు, పీఎఫ్, వీసా కాగితాలు, విమానం టికెట్లు, ఆఖరికి బాత్రూంలో కుళాయి కారుతున్నా ‘సూర్యకళ గారూ’ అనే. బయటి దేశంలో ఎవరైనా మా మెషీన్లు కొంటే, వాటిని బిగించి నడిపి చూపించడానికి ఇక్కణ్ణించి ఒక ఫిట్టర్ని పంపుతాం. వెళ్లేవాడికి ఆన్‌సైట్ అసైన్‌మెంట్ లెటరని రెండు పేజీల ఇంగ్లీషు కాగితం ఇస్తాం. ఎప్పుడో కాకినాడ ఆడిటరొకాయన రాసిపెట్టాడు. పేరూ దేశమూ తేదీ మార్చి ప్రింటు తియ్యడమే నా పని. పదేళ్లుగా సంతకం కూడా నాచేతే పెట్టిస్తున్నారు. రేపేదైనా లేబర్ కోర్టుకి వెళ్తే తన సంతకం ఉండకూడదని రాజు గారి జాగ్రత్త. అది నాకు తెలుసు. తెలిసి ఏం చేశాను? నా మొహం. పెడుతూ వచ్చాను.

సాల్మన్ లెటర్లో ఉన్నదేంటంటే, ఇక్కడి జీతం ఎప్పట్లాగే బ్యాంకులో పడుతుంది, పీఎఫ్ కోత ఆగదు. అక్కడ దిగిన రోజు నుంచి బయల్దేరే రోజుదాకా రోజుకి ముప్పై అయిదు డాలర్ల భత్యం. ఆ భత్యం, బస, భోజనం క్లయింటువి. రానూపోనూ టికెట్లు, ఇన్సూరెన్సు కంపెనీవి. కానీ సొంత కారణంతో మధ్యలో వచ్చేస్తే రెండు టికెట్ల ఖర్చూ ఉద్యోగే కట్టాలి. అదే కంపెనీ కావాలని వెనక్కి పిలిస్తే ఖర్చు కంపెనీది. తిరిగొచ్చాక ఏడాదిపాటు మా దగ్గరే పనిచెయ్యాలి.

ఇక ఎన్నాళ్లు అన్నది నాలుగో పేరా. పాత లెటర్లలో అక్కడ ఆఖరు తేదీ ఉండేది. ఈసారి రాజు గారు దాన్ని కొట్టించేసి, “సుమారు తొంభై రోజులు, అంతకు మించినా సరే క్లయింటు ట్రయల్ రన్ రిపోర్టు మీద సంతకం పెట్టేదాకా” అని రాయించారు.

“ఆఖరు తేదీ లేకపోతే ఎలాగండీ?” అన్నాను.

“తేదీ వేస్తే ఆ రోజుకి పెట్టె సర్దేసుకుంటాడండి. మిల్లు ఆడినా, ఆడకపోయినా,” అన్నారు.

చెప్పినట్టే టైపు చేశాను.

సాల్మన్‌కి నలభై రెండేళ్లు. మిల్లు ఆడుతుంటే దూరాన్నించి చప్పుడు విని ఏ బేరింగు అరిగిందో చెప్పేస్తాడు. ఇంగ్లీషు మాత్రం రాదు. సంతకానికి పిలిస్తే చేతులు ప్యాంటుకి తుడుచుకుని నిలబడ్డాడు.

“ఏం రాశారండీ మేడం గారూ ఇందులో?”

నెలాఖరు పీఎఫ్ పనితో నా తల వేడెక్కిపోయి ఉంది. తలెత్తకుండానే, “తొంభై రోజులు, రోజుకి ముప్పై అయిదు డాలర్లు. పెట్టు సంతకం,” అన్నాను.

“మా ఇంటిదానికి గర్భసంచి ఆపరేషనుందండి. జనవరిలో చెయ్యాలన్నారండి. నేను పక్కన లేకపోతే చేయించుకోనంటంది. డిసెంబరు పదిన వెళ్తే, తొంభై రోజులంటే మార్చి పదికల్లా ఇక్కడుంటాను కదండీ? పద్నాలుగుకి డేటు తీసుకోమంటారా?”

“తీసుకో,” అన్నాను.

నాలుగో పేరా చదివి చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాలు నాకు లేకపోయాయి.

డిసెంబరు పదిన సాల్మన్ విమానం ఎక్కాడు. తరవాత సోమవారం అతని భార్య రెబెక్కా ఆఫీసుకొచ్చింది. కడియం నర్సరీలో మొక్కలకి అంట్లు కట్టే పని చేస్తుంది. సోమవారం సోమవారం సగం పూట సెలవు పెట్టి, ద్వారపూడి మీదుగా బస్సులో వచ్చి, నా టేబులు పక్కన స్టూలు మీద కూర్చునేది. ఒక్కోసారి నాలుగు కనకాంబరం మొక్కలు తెచ్చేది. “ఎలా ఉన్నారండీ? పిల్లలు బాగున్నారాండీ?” అని నవ్వుతూ అడిగి, చివర్లో మెల్లిగా, “మా ఆయన పని ఎందాకా వచ్చిందండీ?” అనేది. మొదట్లో నాకు విసుగే. రోజూ ఫోన్లో మాట్లాడుకుంటున్నారు కదా, మళ్లీ నన్ను అడగడమేంటి అనుకునేదాన్ని.

పని చకచకా అయింది. జనవరి ఆఖరుకల్లా మెషీన్లన్నీ బిగించేశాడు. మిగిలింది ట్రయల్ రన్. దానికి ఇరవై టన్నుల ధాన్యం కావాలి. ధాన్యం క్లయింటే ఇవ్వాలి. తెచ్చిపెట్టాడు కూడా. ఈలోగా అక్కడ రేటు పెరిగిందట, మొత్తం అమ్మేసుకున్నాడు. కొత్త పంట మళ్లీ జూన్‌కి. ధాన్యం లేనిదే ట్రయల్ లేదు, ట్రయల్ లేనిదే సంతకం లేదు, సంతకం లేనిదే సాల్మన్ రాడు. మెషీన్ల మీద దుమ్ము తుడుచుకుంటూ అక్కడ కూర్చున్నాడు.

ఫిబ్రవరి ఇరవై మూడున పొద్దున్నే రాజు గారు పిలిచారు. “సాల్మన్ వీసా మార్చి తొమ్మిదితో అయిపోతుందండి. వాళ్లక్కడ పర్మిట్ తీసుకుంటారట, మన దగ్గర్నుంచి పొడిగింపు లెటరు కావాలట. జూన్ ఆఖరుదాకా రాసి పంపించండి.”

“వాళ్లావిడకి ఆపరేషనండీ, మార్చి పద్నాలుగున.”

“పాపం. ఇంకెవరైనా ఉండరా తోడు? ఇప్పుడతన్ని తీసుకొచ్చి మళ్లీ జూన్‌లో పంపాలంటే ఇంకో రెండు టికెట్లు. ఎవరిస్తారండీ? లెటర్లో రాసే ఉంది కదా.”

పాపం అన్న మాట నిజంగానే అన్నారు. చెడ్డవాడు కాదు. తనకి ఖర్చు లేనంతవరకూ మంచివాడే.

నా సీటుకి వచ్చేసరికి స్టూలు మీద రెబెక్కా ఉంది. ఆ రోజు సోమవారమని మర్చేపోయాను. మొహం తెల్లగా పాలిపోయింది. పెదవులు కూడా తెలుపే. “రక్తం ఏడుకి పడిపోయిందటండి. ఇంక వాయిదా వెయ్యకమ్మా అని డాక్టరమ్మ గారు తిట్టారండి,” అంది. నవ్వడానికి చూసింది. తరవాత, “మార్చి పదికి వచ్చేస్తారు కదండీ?” అంది.

వస్తాడని చెప్పలేకపోయాను. రాడని చెప్పడానికి నోరు రాలేదు. మంచినీళ్లిస్తే తాగి, లేచి, రెండడుగులు వేసి గోడ పట్టుకుంది. నేనూ బేబీ కలిసి బెంచీ మీద పడుకోబెట్టాం. బేబీ మా ఆఫీసు ఊడ్చే మనిషి. ఆటో మాట్లాడి ఎక్కించాక నా వంక చూసి, “ఏంటండీ ఇది, మనిషిని తెప్పించండి,” అంది. అంత తేలిగ్గా అంది.

కూర్చుని సాల్మన్ లెటరు తీశాను. రాసినదాన్నే మొదటిసారి చదువుతున్నట్టు చదివాను. నాకే సిగ్గేసింది. తనంతట తను వస్తే రెండు టికెట్లకీ కలిపి లక్షా పదివేలు కట్టాలి, అతని వల్ల కాదు. కంపెనీ వెనక్కి పిలవాలి. కంపెనీ తరఫున సంతకం పెట్టేదెవరు? ఖర్మ, నేనే.

ముందు ట్రావెల్స్ వాళ్లకి ఫోన్ చేసి తిరుగు టికెట్టుని మార్చి ఏడుకి ఖాయం చేయించాను. తరవాత రీకాల్ లెటరు టైపు చేశాను. నాలుగే నాలుగు లైన్లు. మెషీన్ల బిగింపు పూర్తయింది, ధాన్యం వచ్చాక ట్రయల్‌కి వేరే మనిషిని పంపుతాం, వీసా గడువులోపే సాల్మన్ని వెనక్కి పిలుస్తున్నాం, ఖర్చు కంపెనీదే. సంతకం పెట్టి, స్కాన్ చేసి, సాల్మన్‌కీ క్లయింటుకీ రాజు గారికీ ఒకేసారి మెయిల్ కొట్టాను. యాభై ఒక్క ఏళ్ల వయసులో ఇంకెక్కడ ఉద్యోగం ఇస్తారు నాకు?

పావుగంటలో సాల్మన్ ఫోను. “మేడం గారండీ, నేనేం తప్పు చేశానండీ? వెనక్కి పిలిచేశారని క్లయింటు చెప్పాడండి.” గొంతు ఏడుపులో ఉంది. తప్పు చేసినవాళ్లనే అలా పిలుస్తారని అతని భయం.

“నువ్వేం చెయ్యలేదు నాయనా. పెట్టె సర్దుకుని రా,” అన్నాను.

రాజు గారు సాయంత్రం దాకా పిలవలేదు. పిలిచాక గట్టిగా అరవనూ లేదు. “ఇంట్లో మనిషిలా చూశానండి మిమ్మల్ని,” అన్నారు.

“అవునండి. అందుకే సంతకాలు కూడా నాచేత పెట్టించారు,” అన్నాను. ఇన్నేళ్లలో ఆయనకి ఎదురు చెప్పింది అదే.

ఆయన కావాలంటే నా లెటరు రద్దు చెయ్యొచ్చు. కానీ అప్పటికే క్లయింటు సరేనన్నాడు. ఊరికే కూర్చున్న మనిషికి భత్యం, భోజనం, బస అతనివేగా మరి. రాజు గారు, “రేపట్నించి లెటర్లు నా సంతకంతో వెళ్తాయి,” అన్నారు. టికెట్టు మార్చడానికైన ఆరువేలు నా జీతంలో పట్టేశారు. ఉద్యోగం పోలేదు. ఆ కుళాయి సంగతి మాత్రం ఇప్పటికీ నాదే.

సాల్మన్ మార్చి ఎనిమిదిన దిగాడు. పద్నాలుగున రాజమండ్రిలో ఆపరేషన్ జరిగింది. రెండు సీసాల రక్తం పట్టింది. నాలుగోరోజున చూడ్డానికి వెళ్లాను. సాల్మన్ మందుల చీటీ పట్టుకుని కిందికి వెళ్లాడు. రెబెక్కా మంచం మీద నుంచి చెయ్యి చాపి నా చెయ్యి పట్టుకుంది.

“మీ దయవల్లేనండి,” అంది.

నేను భరించలేకపోయాను. “నా దయ కాదు రెబెక్కా. తొంభై రోజులని నేను నోటితో చెప్పానంతే. కాగితంలో అలా లేదు. అవతలివాడు సంతకం పెట్టేదాకా రావడానికి లేదని ఉంది. రాసింది నేనే. సాల్మన్ అడిగితే చదివి చెప్పలేదు,” అనేశాను.

ఆమె చెయ్యి తియ్యలేదు.

“తెలుసండి,” అంది.

“ఏం తెలుసు?”

“ఆయన ఆ కాగితం ఇంట్లో పెట్టి వెళ్లారండి. మా పాస్టరు గారమ్మాయి తబిత చదివి చెప్పిందండి, ఆయనెళ్లిన వారానికే. ఆయనకి చెప్పలేదండి, అక్కడ బెంగెట్టుకుంటారని.”

“మరి అన్ని సోమవారాలు వచ్చావు. నన్నొక్క మాట అనలేదేంటి?”

రెబెక్కా నా మొహంలోకి చూసింది. కోపం లేదు. అలసిపోయి ఉంది, అంతే.

“మీతో గొడవెట్టుకుంటే, ఆయన్ని తీసుకురావడానికి ఆ ఆఫీసులో నాకింకెవరున్నారండీ?”