సీసా మీది చిరునామా

సీసాల మూతలు ఆరబెట్టే పని చిట్టక్కది. కడిగి, మరిగే నీళ్ళలో ముంచి తీసి, బట్ట మీద బోర్లిస్తుంది. ఎక్కడ తేమ మిగిలినా పచ్చడి బూజు పడుతుంది. ఆ మధ్యాహ్నం ఆమె మూతలు తిరగేస్తుంటే డైనింగ్ టేబుల్ దగ్గర చెల్లెలూ మరిదీ పేరు గురించి వాదించుకుంటున్నారు.

ఇన్నాళ్ళూ పేరుతో అవసరం పడలేదు. అపార్ట్‌మెంట్‌లో వాళ్ళు తమ డబ్బాలు తెచ్చి నింపించుకుపోయేవాళ్ళు. వాళ్ళ చుట్టాలు పై ఊళ్ళ నుంచి అడగడం మొదలుపెట్టాక, కొరియర్‌లో పంపాలంటే లైసెన్సు కావాలనీ, సీసాకి లేబులు కావాలనీ, లేబులుకి పేరు కావాలనీ తెలిసింది.

"మంట అని పెడదాం. కారప్పొడికి సరిగ్గా అతుకుతుంది," అన్నాడు మరిది.

"మీ ఆఫీసు క్యాంటీనుకి పెట్టుకోండి ఆ పేరు. ఇంత ఆలోచనెందుకు? బిల్డింగంతా చిట్టక్క పచ్చడి, చిట్టక్క పొడి అనే అంటారు. అదే పెట్టేద్దాం," అంది చెల్లెలు.

"వద్దు," అంది చిట్టక్క వంటింట్లోంచి.

"ఎందుకొద్దు?"

"వద్దన్నానుగా."

"అయిపోయిందక్కా. ఎవరైనా ముందే ఎగరేసుకుపోతారని పోయిన వారమే ఆన్‌లైన్‌లో ఆ పేరుతో పేజీ తెరిచేశాను. నీ ఫొటో పెట్టలేదులే. సీసా ఫొటో ఒక్కటే పెట్టాను. ఊరు కూడా రాయలేదు."

చిట్టక్క చేతిలో మూత చేతిలోనే ఉండిపోయింది.

ఆమె మొగుణ్ణి వదిలేసి వచ్చి మూడేళ్ళు. పళ్ళెం విసిరినప్పుడు ఓర్చుకుంది. చెయ్యి విరిగినప్పుడు మెట్ల మీంచి పడ్డానని డాక్టరుకి చెప్పింది. ఒకరోజు అతను గ్యాస్ బండ తిప్పి, అగ్గిపెట్టె చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. అతను ఫోనెత్తి అటు తిరిగిన క్షణంలో ఆమె కట్టుబట్టలతో బయటపడింది. బదిలీ మీద అప్పుడే ఈ ఊరు వచ్చిన చెల్లెలి ఇంట్లో చేరింది. ఆ సంగతి అతనికి తెలియదు. కేసు పెట్టింది. ఎక్కడున్నా వెతికి పట్టుకుంటానని అతను స్టేషన్లోనే, అందరూ వింటుండగా, మామూలు గొంతుతో చెప్పాడు. చిట్టక్క అన్న పిలుపు పుట్టింటిది. పెళ్ళయ్యాక ఇంట్లో అందరితోపాటు అతనూ అదే పేరుతో పిలిచేవాడు.

"తీసెయ్యి," అంది చిట్టక్క.

"ఏంటక్కా, పచ్చడి సీసా చూసి..."

"ముందు తీసెయ్యి."

చెల్లెలు ఫోను తీసింది. చూస్తూ చూస్తూ ఆగింది. మరిది ఆమె చేతిలోంచి ఫోను అందుకుని చదివాడు. చిట్టక్క చెయ్యి తుడుచుకుని వచ్చి తనే తీసుకుంది.

పేజీకి రెండు మెసేజీలు వచ్చి ఉన్నాయి. పంపినవాడికి ఫొటో లేదు, పేరు చోట ఏవో రెండు అక్షరాలున్నాయి. మొదటిది: నిమ్మకాయలో ఇంకా మెంతులు ఎక్కువే వేస్తున్నావా? రెండోది: ఎక్కడి నుంచి పంపుతారు?

మెంతులు ఎక్కువయ్యాయని పళ్ళెం గోడకి కొట్టినవాడు ఈ లోకంలో ఒక్కడే. చిట్టక్క కుర్చీ వెతుక్కుని కూర్చుంది.

"ఎలా తెలిసింది వాడికి?" అంది చెల్లెలు.

"నీ నంబరుతోనే తెరిచావు కదా పేజీ," అన్నాడు మరిది. "వాడి ఫోన్లో నీ నంబరుంది. మీకు తెలిసినవాళ్ళేమో చూడండంటూ అదే చూపించేస్తుంది."

"ఊరు రాయలేదు కదా."

"రాయలేదు. అందుకే అడుగుతున్నాడు."

పేజీ మూసేశారు. మెసేజీలు మాత్రం మరిది తన ఫోన్లోకి తీసిపెట్టుకున్నాడు, కేసు కాగితాలతో పాటు ఉంటాయని. ఆ సాయంత్రం పాలవాడు బెల్లు కొట్టినా ముగ్గురూ లేవలేదు. వాడు విసుక్కుని ప్యాకెట్లు గుమ్మం ముందు పడేసిపోయాడు.

మర్నాడు లైసెన్సులావిడ దగ్గరికి వెళ్ళాలని ముందే అనుకున్నారు. మానేద్దామంది చెల్లెలు. చిట్టక్క చీర మార్చుకుని వచ్చింది.

"పేరు మారుస్తాం. వాడికి పేరే కదా తెలిసింది," అంది.

ఆవిడ ఆఫీసు ఒక జిరాక్సు షాపు మీద గది. హోటళ్ళకీ బేకరీలకీ లైసెన్సులు ఇప్పించడం ఆవిడ పని. గోడ పొడుగునా ఖాళీ డబ్బాలూ సీసాలూ పేర్చి ఉన్నాయి, అన్నిటికీ లేబుళ్ళున్నాయి.

"పేరు రిజిస్టరు చెయ్యడానికి పచ్చళ్ళు ఒక తరగతి, పొడులు ఇంకో తరగతి," అంది ఆవిడ. "చాలామంది ఒకదాంట్లో వెతికి ఊరుకుంటారు, తర్వాత తల పట్టుకుంటారు. మీ చెల్లెలు చెప్పిన పేరు రెండిట్లోనూ వెతికించాను. చిట్టక్క ఎవరూ తీసుకోలేదు. ఖాళీగా ఉంది."

"అది కాదండీ. ఇంకోటి పెడతాం. మాకు ఏ సంబంధమూ లేని పేరు పెట్టొచ్చా?" అడిగింది చిట్టక్క.

"నిక్షేపంలా పెట్టొచ్చు. సరుకుని వర్ణించే మాట ఒక్కటే పెడితే మాత్రం నడవదు. రుచి, కారం, కమ్మన, అలాంటివి అందరి సొత్తు. మీ ఒక్కరికే రాసివ్వరు."

చిట్టక్క కుర్చీ ముందుకి జరుపుకుంది. ఆవిడ నమూనా లేబులు ఒకటి బల్ల మీద పరిచి పెన్సిలుతో చూపించడం మొదలుపెట్టింది.

"పేరు ఇక్కడ పెద్దక్షరాల్లో. పక్కన ఏమేం వేశారో, ఎక్కువ వేసింది ముందు. బరువు, బ్యాచి నంబరు, చేసిన తేదీ, ఎప్పటిదాకా వాడొచ్చో. కింద లైసెన్సు నంబరు, చేసినచోటి చిరునామా."

"చిరునామా అంటే ఊరేనా?"

"పూర్తిగా. ఫ్లాటు నంబరుతో సహా."

"పోస్టు బాక్సు నంబరు ఇస్తే?"

"కుదరదండీ. తిన్నవాళ్ళకి ఏదైనా తేడా చేస్తే అధికారి వచ్చి చూడ్డానికి ఒక వంటిల్లుండాలి కదా. ఆ రూలు అందుకే."

చిట్టక్క పెన్సిలు మొన ఆగినచోటు చూస్తూ ఉండిపోయింది. పేరు ఏది పెట్టినా ఒకటే. అతను వెతకనక్కర్లేదు. ఏదో ఒక పేరుతో, ఎవరి ఫోన్లోంచో ఒక సీసా ఆర్డరిస్తే చాలు. తనే నింపుతుంది, తనే మూత బిగిస్తుంది, తనే టేపు చుట్టి, కొరియర్‌కి ఎదురు డబ్బిచ్చి, తన గుమ్మం నంబరు అతని చేతికి పంపిస్తుంది. అందరికీ అమ్మాలనుకుంటే అందులో అతనూ ఉంటాడు.

"ఎవరి గురించి భయమండీ?" అంది ఆవిడ.

చెల్లెలు చెప్పింది, మెసేజీల దాకా. ఆవిడ లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

"ఇంట్లో చెయ్యకండి అయితే," అంది. "లైసెన్సున్న వంటశాల ఏదైనా మాట్లాడుకోండి. అక్కడ చేసి, అక్కడే ప్యాక్ చేస్తే అక్కడి చిరునామానే పడుతుంది. వాళ్ళ లైసెన్సులో పచ్చళ్ళు కూడా చేర్పించాలి. అది నేను చూస్తాను."

"పేరు వంటశాల వాళ్ళ మీద తీసుకుంటే మా ఊసే ఉండదు కదా?" అంది చెల్లెలు.

"ఉండదు. వ్యాపారమూ ఉండదు. పేరు ఎవరి మీదుంటే సరుకు వాళ్ళది. రేపు వాళ్ళు పొమ్మంటే పోవాలి. సంస్థ పెట్టి, దాని మీద తీసుకోండి. పైకి సంస్థ పేరే కనబడుతుంది."

"అందులో నేనున్నానని తెలియదా?" అడిగింది చిట్టక్క.

ఆవిడ పెన్సిలు పక్కన పెట్టింది. "తవ్వితే తెలుస్తుందమ్మా. తెలియదని చెబితే అబద్ధం అవుతుంది."

ఇంటికొచ్చే దారిలో చెల్లెలు రోడ్డు మీదే ఆగిపోయింది.

"ఎన్నాళ్ళక్కా? వాడు జైల్లో ఉండాల్సినవాడు. నువ్వేమో పేరు దాచుకుని, ఇల్లు దాచుకుని. అసలీ పచ్చళ్ళూ వద్దు, పొడులూ వద్దు. మా ఇంట్లో నీకు అన్నానికి లోటా?"

"లోటని నేనన్నానా?"

"మరి?"

"మీ ఇంట్లో అన్నావు చూడు, అదే."

చెల్లెలు ముఖం తిప్పుకుంది. కాస్త దూరం నడిచాక అక్క చేతిలో సంచి లాక్కుని తను పట్టుకుంది.

వంటశాల మరిది వెతికాడు. పెళ్ళిళ్ళకీ ఫంక్షన్లకీ వండే మేస్త్రి ఒకాయన ఊరవతల షెడ్డులో పొయ్యిలు పెట్టుకున్నాడు. వారంలో మూడు రోజులు షెడ్డు ఖాళీ. అద్దె మాట్లాడుకున్నాక చిట్టక్క ఉన్నది ఉన్నట్టు చెప్పింది. చిరునామా మీది పడుతుంది, వస్తే ఇక్కడికే వస్తాడు, వద్దంటే ఇప్పుడే చెప్పండి అంది. చెల్లెలి దగ్గరున్న పాత పెళ్ళి ఫొటో చూపించింది, తన సగం మడిచిపెట్టి. మేస్త్రి ఫొటో చేతిలోకి తీసుకుని, తన దగ్గర పనిచేసే ఆడవాళ్ళందరినీ పిలిచి చూపించాడు.

"వచ్చి అడిగితే ఏం చెప్పమంటావమ్మా?"

"చిట్టక్క అని అడుగుతాడు. అలాంటివాళ్ళెవరూ లేరనండి. అని నాకు ఫోను చెయ్యండి."

"నీకు తర్వాత. ముందు స్టేషనుకి చేస్తాం," అంది గిన్నెలు తోమే ఆవిడ. "మా చెల్లెలి మొగుడూ ఇలాంటి సరుకే."

పేరు చిట్టక్కే పెట్టింది. టోకున కొన్న మూతలు నీలం రంగువి. నీలిమూత అంది. మరిది రెండు మూడుసార్లు పలికి చూసి, మంటే బాగుండేదన్నాడు. లైసెన్సులావిడ రెండు తరగతుల్లోనూ వెతికించి ఎవరిదీ కాదంది. పేజీ కొత్త నంబరుతో కొత్తగా తెరిచారు. పాతదాన్నే మళ్ళీ తెరిచి, పేరు మార్చి వాడుకుందామని చెల్లెలంటే, మునుపటి పేరు ఏదో చూస్తే తెలిసిపోతుందని మరిది ఒప్పుకోలేదు. ఆర్డర్లు మళ్ళీ ఒకటీ అరా నుంచి మొదలయ్యాయి. అపార్ట్‌మెంట్‌లో ఒకావిడ లిఫ్టులో నిలదీసింది, "మీ పేరే పెట్టుకోవచ్చు కదా, చిట్టక్కా, మేమంతా చెప్పుకునేవాళ్ళం కదా?" అని. ఆ పేరు ఇంకెవరిదోనండీ అని చెప్పి చిట్టక్క దిగిపోయింది.

కొరియర్ బండి వచ్చే మొదటి రోజు చిట్టక్క పొద్దున్నే షెడ్డుకి వెళ్ళింది. మేస్త్రి కిటికీ కింద బల్ల వేయించి పెట్టాడు. వెలుతురు బాగా పడుతోంది. అక్కడ నిలబడి సీసాలు నింపితే ఎదురుగా గోడ, వీపు వెనక గుమ్మం. ఆమె సంచి దించి, బల్లని ఒక కొసన పట్టుకుని లాగింది. కదల్లేదు.

"అక్కడే బాగుంది కదమ్మా. అటు వైపు చీకటి," అన్నాడు మేస్త్రి.

"అటైతే గుమ్మం కనబడుతుంది."

మేస్త్రి గుమ్మం వైపు చూశాడు. భుజం మీది తుండు తీసి కొక్కేనికి తగిలించి, వచ్చి రెండో కొస పట్టుకున్నాడు. ఇద్దరూ బల్లని చీకటి వైపు మోశారు. చిట్టక్క చేతులు కడుక్కుని, పొడిగుడ్డతో తడి పోయేదాకా తుడుచుకుని, బయట రోడ్డు కనిపించేలా నిలబడి మొదటి సీసా తీసుకుంది.